చేపల పులుసు వీడియోకి వాయిస్ ఓవర్: ఇంగ్లీష్ మాట ఎక్కడ ఇముడుతుంది, ఎక్కడ గుచ్చుకుంటుంది

ముందు ఈ మూడు వాక్యాలనూ పైకి చదవండి.

"ఫిష్ పీసెస్‌ని సాల్ట్, టర్మరిక్, చిల్లీ పౌడర్‌తో మారినేట్ చేసి ట్వంటీ మినిట్స్ లీవ్ చేయండి."

"చేప ముక్కలకు ఉప్పు, పసుపు, కారములను పట్టించి ఇరవై నిమిషముల పాటు ప్రక్కన ఉంచవలెను."

"చేప ముక్కలకి ఉప్పు, పసుపు, కారం పట్టించి ఓ ట్వంటీ మినిట్స్ పక్కన పెట్టండి."

మొదటిది ఎవరో అద్దెకు తెచ్చుకున్న గొంతులా ఉంటుంది. రెండోది పాత పాఠ్యపుస్తకంలా ఉంటుంది. మూడోదాంట్లో కూడా ఇంగ్లీష్ ఉంది, కానీ చెవికి అడ్డం రాదు. నెల్లూరులో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉండే మన కుర్రవాళ్ల కోసం వంట వీడియోలకి స్క్రిప్టు రాసి గొంతు ఇవ్వడం నా పని. ఆ మూడో వాక్యం లాంటి వాక్యం దగ్గరికి ఎలా చేరుకోవాలో మా ఊరి చేపల పులుసు వీడియోనే తీసుకుని చెబుతాను.

రాయకముందు మాట్లాడండి

స్క్రిప్టు నేరుగా రాయడం మొదలుపెట్టకండి. పెన్ను పట్టుకోగానే మనకి తెలియకుండానే బడిలో నేర్చుకున్న తెలుగు వస్తుంది, దాన్ని మోడర్న్‌గా చేయాలని మధ్యలో ఇంగ్లీష్ మాటలు అతికిస్తాం. దానికి బదులు ఫోన్ తీసి, మీకు బాగా దగ్గరైన ఒక మనిషికి వాయిస్ మెసేజ్ పెట్టండి. నేనైతే బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కూతురికి పెడతాను. "పాపా, పులుసు ఎలా పెట్టాలని అడిగావు కదా, విను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేస్తాను. రెండు మూడు నిమిషాలు వస్తుంది. తర్వాత దాన్ని వింటూ, ఒక్క మాట కూడా సరిచేయకుండా కాగితం మీద దించుకుంటాను.

ఆ కాగితంలో మీ నోట వాటంతటవే వచ్చిన ఇంగ్లీష్ మాటల కింద గీతలు గీయండి. నాకు సాధారణంగా వచ్చేవి ఇవి: స్టవ్, సిమ్, పాన్, మిక్సీ, ఫ్రిజ్, మినిట్స్, టేస్ట్, ఓకే, ఆఫ్ చేయడం. స్క్రిప్టులో ఇంగ్లీష్‌కి ఇదే మీ హద్దు. ఇందులో లేని ఇంగ్లీష్ మాట తర్వాత స్క్రిప్టులోకి వచ్చిందంటే, అది మీ నోటిది కాదు, ఏదో వీడియోలో విన్నది అని అర్థం. మారినేట్ నాకు అలా వచ్చిన మాటే. ఇంట్లో ఒక్కరోజు కూడా నేను ఆ మాట అనలేదు.

ఇదే మాట కాస్త కష్టంగా తెలిసింది నాకు. మొదట్లో చేసిన ఒక వీడియోని కోవూరులో ఉన్న మా పిన్నికి చూపించాను. మొత్తం విని, "ఏందిమే ఇది? నువ్వు మాట్లాడినట్టు లేదే" అంది. ఆమె ఇంగ్లీష్‌ని తప్పు పట్టలేదు. స్టవ్, మిక్సీ, ఫ్రిజ్ ఆమె కూడా రోజూ అనేవే. ఆమెకి వినపడింది నేను వేరే మనిషిలా మాట్లాడటం.

నామవాచకాన్ని వదిలేయండి, క్రియని పట్టుకోండి

ఇప్పుడు అసలు పని. చాలామంది వస్తువుల పేర్ల దగ్గర ఆగిపోతారు: ఆనియన్ అనాలా, ఉల్లిపాయ అనాలా అని. అదీ చూడాలి, కానీ వాక్యం కృతకంగా వినపడటానికి ఎక్కువసార్లు కారణం క్రియ. తెలుగులో ఇంగ్లీష్ క్రియని వాడాలంటే దాని పక్కన 'చేయు' కానీ 'అవు' కానీ పెట్టాలి. వాష్ చేసి, కట్ చేసి, ఫ్రై చేసి, మిక్స్ చేసి, బాయిల్ అయ్యాక. ఒక్కొక్కటి విడిగా చూస్తే తప్పేమీ లేదు. వరుసగా నాలుగు వచ్చేసరికి ప్రతి ముక్కా 'చేసి, చేసి' అని ఒకే చోట ముగుస్తుంది. వాక్యం నడక కుంటుతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. వంటింటి తెలుగు క్రియల్లో బొమ్మ ఉంటుంది. ఇంగ్లీష్ మాట పెట్టగానే వేర్వేరు బొమ్మలు కలిసిపోతాయి. నూనె కాగుతుంది. పులుసు మరుగుతుంది. ముక్క ఉడుకుతుంది. పాలు పొంగుతాయి. కాగడాన్ని హీట్‌లో, మిగతా మూడింటినీ బాయిల్‌లో పడేస్తే, పొయ్యి ముందు నిలబడ్డ కుర్రాడికి ఏం చూడాలో, ఎక్కడ ఆగాలో తెలియదు. అలాగే 'యాడ్ చేయండి'. ఉప్పు వేస్తాం, నీళ్లు పోస్తాం, కొత్తిమీర చల్లుతాం, చేప ముక్కని పులుసులోకి జారవిడుస్తాం. నాలుగింటికీ యాడ్ అంటే చెయ్యి ఎలా కదలాలో చెప్పనట్టే. యాడ్ చేయండి అనేది వీడియోల వల్ల ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలు మాట అయిపోయింది, అందుకని చెవికి పెద్దగా గుచ్చుకోదు. అయినా నేను ఒక వీడియోలో ఒక్కసారికి మించి రానివ్వను.

తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది. దానంతటది జరిగేది, మనం చేసేది అని క్రియలు జంటలుగా ఉంటాయి. వేగు, వేయించు. మరుగు, మరిగించు. ఉడుకు, ఉడికించు. "ఎర్రగా వేగనివ్వండి" అంటే ఆగి చూడమని. "వేయించండి" అంటే కలుపుతూ ఉండమని. ఇంగ్లీష్ మాటతో కూడా ఫ్రై అవ్వనివ్వండి, ఫ్రై చేయండి అని తేడా చూపించవచ్చు, కానీ రెండక్షరాల వేగుతోనే పని అయ్యేచోట అంత పొడవు ఎందుకు?

మరి ఇంగ్లీష్ క్రియలు అసలు వద్దా? అలా అనను. స్విచ్‌కి, స్క్రీన్‌కి సంబంధించిన పనులకి అవే సహజం. స్టవ్ ఆన్ చేయండి, ఆఫ్ చేయండి, లింక్ ఓపెన్ చేయండి, సేవ్ చేసుకోండి. 'స్టవ్ కట్టేయండి' అని మన వైపు అంటారు కాబట్టి అదీ బాగుంటుంది. ట్రై చేయడం, మిస్ అవ్వడం కూడా తెలుగులో ఎప్పుడో కలిసిపోయాయి. నేను పాటించేది ఒక్కటే: చేత్తో చేసే పనికి తెలుగు క్రియ, స్విచ్చుతో చేసే పనికి ఏది నోటికొస్తే అది.

స్క్రిప్టు అయ్యాక ఇంగ్లీష్ మాట పక్కన వచ్చిన చేయు, అవు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక నిమిషం నెరేషన్‌లో మూడు దాటితే ఎక్కడో గొంతు అరువుకి పోయిందని నా అనుభవం.

పక్కనున్న తెలుగుని చూడండి

ఒక ఇంగ్లీష్ మాట ఎబ్బెట్టుగా ఉందంటే, తప్పు దానిదే అనుకుంటాం. చాలాసార్లు తప్పు దాని పక్కన కూర్చున్న తెలుగుది. "ఈ అద్భుతమైన వంటకాన్ని మీరు తప్పక ట్రై చేయండి." ఇక్కడ ట్రై బాగానే ఉంది. వంటకం అన్న మాట ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. అది పత్రిక తెలుగు. పత్రిక తెలుగు, వాడుక ఇంగ్లీష్ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోవు. "ఒకసారి ఇలా ట్రై చేయండి" అంటే ఏ గొడవా లేదు.

ఇందుకే మన నెల్లూరు, ప్రకాశం యాస ఇంగ్లీష్ మాటలతో హాయిగా కలుస్తుంది. "స్టవ్ సిమ్‌లో ఉండాదా?" అని మా పిన్ని వంటింట్లోంచి కేకేస్తే అందులో అతుకు ఎక్కడా కనిపించదు, ఎందుకంటే రెండూ నోటి మాటలే. వీడియోలో పిన్నో, నాయనమ్మో మాట్లాడుతుంటే ఆ ఉండాదిని ఉందిగా మార్చకండి. నెరేషన్ మాత్రం నేను అందరికీ తెలిసిన వాడుక భాషలోనే ఉంచుతాను. చూసేవాళ్లలో గుంటూరు, వరంగల్ పిల్లలు కూడా ఉంటారు, రెండు నిమిషాలూ యాసలో నడిపితే వాళ్ల దృష్టి వంట మీంచి యాస మీదికి పోతుంది.

ఇంకో అలవాటు జంట మాటలు. "ఫ్రెష్‌గా ఉన్న తాజా చేపలు", "చట్టి అంటే క్లే పాట్". సిటీ పిల్లలకి అర్థం కాదేమోనన్న భయంతో ఇలా రెండు భాషల్లో చెబుతాం. వీడియోలో ఆ అవసరం లేదు. మీరు చట్టి అంటున్నప్పుడు తెర మీద చట్టి కనిపిస్తే చాలు. మాట, బొమ్మ ఒకేసారి పడేలా ఎడిట్ చేయించుకోండి. తెలియని మాట కూడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

గైస్, యాక్చువల్లీ, బేసికల్లీ, సో. కుర్రవాళ్లు మాట్లాడేటప్పుడు ఇవి నిజంగానే వస్తాయి, అందుకని స్క్రిప్టులో కూడా చల్లితే సహజంగా ఉంటుందనుకుంటారు. మాట్లాడేటప్పుడు ఇవి వచ్చేది తర్వాత ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి. స్క్రిప్టు చదివేవాళ్లు ఆలోచించుకోవడం లేదు, వినేవాళ్లకి అది తెలుస్తుంది. నిజంగా మలుపు ఉన్నచోట ఒక సో ఉంచి మిగతావి తీసేయండి.

అంకెల సంగతి తొందరగా చెబుతాను. అంకె తెలుగైతే వెనక వచ్చే మాట ఏ భాషదైనా పర్వాలేదు: రెండు మినిట్స్ అంటాం, రెండు నిమిషాలు అంటాం. అంకె ఇంగ్లీష్ అయితే వెనక కూడా ఇంగ్లీషే రావాలి. ట్వంటీ మినిట్స్ అంటారు, ట్వంటీ నిమిషాలు ఎవరూ అనరు. స్పూను, కప్పు, ప్లేటు లాంటి పాత మాటలు మనవైపోయాయి కాబట్టి రెండు స్పూన్లు, నాలుగు కప్పులు అంటేనే బాగుంటుంది. పావు, అర, ముప్పావు తెలుగులోనే ఉంచండి. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు 'నలుగురికి సరిపోతుంది' అన్నంత పొట్టిగా 'ఫోర్ మెంబర్స్‌కి' రాదు.

ఒక స్క్రిప్టు విప్పి చూద్దాం

ఇది నేను ముందు రాసుకున్న రకం.

"హాయ్ గైస్! టుడే మనం నెల్లూరు ఫేమస్ ఫిష్ పులుసు ఎలా ప్రిపేర్ చేయాలో చూద్దాం. ఫస్ట్ ఫిష్ పీసెస్‌ని నీట్‌గా వాష్ చేసి, సాల్ట్, టర్మరిక్, చిల్లీ పౌడర్ యాడ్ చేసి మారినేట్ చేయాలి. నెక్స్ట్ పాన్‌లో ఆయిల్ హీట్ చేసి, ఆనియన్స్ యాడ్ చేసి ఫ్రై చేయాలి. టామరిండ్ వాటర్ యాడ్ చేసి బాయిల్ అవ్వనివ్వాలి. గ్రేవీ థిక్ అయ్యాక పీసెస్ యాడ్ చేసి కుక్ చేయండి. ఈ అద్భుతమైన వంటకాన్ని మీరు తప్పక ట్రై చేయండి."

లెక్కపెడితే ఇంగ్లీష్ మాట పక్కన చేయు పదకొండు సార్లు, అవు రెండు సార్లు వచ్చాయి. ఒక్క యాడ్ చేసి నాలుగు సార్లు ఉంది. అంతేకాదు, వంట కూడా తప్పింది. గ్రేవీ థిక్ అయ్యాక ముక్కలు వేయమంటోంది. మా ఇళ్లలో పులుసు మరిగేటప్పుడు ముక్కలు వేసి, వాటితో పాటే దగ్గరపడనిస్తాం. మరగడం, దగ్గరపడటం అన్న మాటలు ఉంటే ఆ తప్పు రాసేటప్పుడే దొరికేది. గరిటె పెట్టొద్దన్న ముఖ్యమైన సంగతి కూడా ఇందులో లేదు, ఎందుకంటే వాయిస్ మెసేజ్ పెట్టకుండా నేరుగా రాశాను.

వాయిస్ మెసేజ్ దించుకుని మళ్లీ రాస్తే ఇలా వచ్చింది.

"మా నెల్లూరులో చేపల పులుసు ఇలా పెడతారు. చేప ముక్కలు శుభ్రంగా కడిగి, ఉప్పు, పసుపు, కారం పట్టించి ఓ ట్వంటీ మినిట్స్ పక్కన పెట్టండి. మట్టి చట్టి ఉంటే మంచిది, లేకపోతే వెడల్పాటి పాన్ అయినా ఓకే. నూనె కాగాక ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసి ఎర్రగా వేగనివ్వండి. చింతపండు పులుసు పోసి, బాగా మరిగాక చేప ముక్కలు, మామిడికాయ ముక్కలు ఒక్కొక్కటే జారవిడవండి. ఇక గరిటె పెట్టొద్దు, ముక్క విరిగిపోతుంది. చట్టిని పట్టుకుని ఒకసారి అలా తిప్పితే చాలు. స్టవ్ సిమ్‌లో పెట్టి, గ్రేవీ థిక్ అయి నూనె పైకి తేలాక ఆఫ్ చేయండి. ఈరోజు చేసి రేపు తినండి. ఆ టేస్ట్ వేరే లెవెల్."

ప్రిపేర్ చేయడం పోయి పెడతారు వచ్చింది. పులుసు పెడతాం, అన్నం వండుతాం, పచ్చడి నూరుతాం. ఏ వంటకి ఏ క్రియో తెలిసిన మనిషి చెబుతున్నట్టు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఉల్లిపాయ, చింతపండు, ఉప్పు, పసుపు, కారం తెలుగులోనే ఉన్నాయి. కుర్రవాళ్లు కూడా ఇంట్లో అలాగే అంటారు. టామరిండ్ వాటర్ అనే పిల్లని నేను ఇంతవరకూ చూడలేదు. ఇంగ్లీష్ ఎక్కువగా మిగిలింది మూడు చోట్ల: సామానులో, టైమ్‌లో, చివర్లో ఇష్టం చెప్పేచోట. ఆ చివరి చోటు గమనించండి. బాగుంది, నచ్చింది అని మనసులో మాట చెప్పేటప్పుడు సిటీ కుర్రవాళ్ల నోట ఇంగ్లీష్ ఎక్కువ వస్తుంది. అందుకే టేస్ట్, లెవెల్ అక్కడ కుదిరాయి. అవే మాటలు మొదటి వాక్యంలో పెడితే ప్రకటనలా ఉండేది. ఇలాంటి చోట వాడే మాటలు త్వరగా పాతబడతాయని మాత్రం గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి చూడాల్సిన వీడియో అయితే ఈ నెలే పుట్టిన మాటని వాడకండి.

మైక్ ముందు

రాసింది బాగున్నా చదివేటప్పుడు చెడిపోవచ్చు. ఇంగ్లీష్ మాట రాగానే చాలామంది దానికి ముందు చిన్నగా ఆగి, గొంతు కాస్త పైకి లేపి, వేరే ఉచ్చారణతో పలుకుతారు. ఎడిటింగ్‌లో ఆడియో గీతని పెద్దది చేసి చూస్తే ఆ మాటకి ముందు చదునుగా ఒక ఖాళీ కనపడుతుంది. ఆ ఖాళీని కత్తిరిస్తే సరిపోదు, గొంతులో ఎత్తు అలాగే ఉంటుంది. వాక్యం మొత్తం మళ్లీ చదవాల్సిందే.

విభక్తి అతికిన మాటని ఒకే ఊపిరిలో పలకండి. సిమ్‌లో, ఫ్రిజ్‌లోంచి, పాన్‌కి. ట, డ, ర మన నోట ఎలా పలుకుతాయో అలాగే ఉండనివ్వండి. టమోటా అనే మనిషి మైక్ ముందు టొమేటో అంటే ఆ ఒక్క మాట దగ్గర వీడియో ఆగిపోయినట్టు ఉంటుంది. ఫ, ప ఎక్కువగా ఉన్న మాటలకి గాలి మైక్‌కి కొట్టుకుని టప్ మంటుంది, కాబట్టి మైక్‌ని జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టుకోండి.

సబ్‌టైటిల్స్ వేస్తే ఒక చిన్న జాగ్రత్త. పాన్, లో రెండూ కలిపి టైప్ చేస్తే పాన్లో అని ఒత్తు పడి, పాన్ అన్న మాట కంటికి దొరకదు. మధ్యలో కనపడని `U+200C` అక్షరం పెడితే పాన్‌లో అని విడిగా నిలుస్తుంది. త్వరగా చదివే తెర మీద ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇద్దరికి వినిపించండి

విడుదల చేసేముందు ఇద్దరికి పంపండి: సిటీలో ఉండే ఇరవై ఏళ్ల వాళ్లకి ఒకరికి, ఊళ్లో ఉండే పెద్దవాళ్లకి ఒకరికి. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. "ఇప్పుడు విన్నది నాకు మళ్లీ చెప్పు" అని అడిగి రికార్డు చేయండి. వాళ్లు తిరిగి చెప్పేటప్పుడు మీ మాటని అలాగే వాడితే అది కుదిరినట్టు. దాన్ని వదిలి వేరే మాట వేశారంటే మార్చాల్సింది అదే.

పై స్క్రిప్టుని అలా ఇద్దరికీ వినిపించాను. సిమ్, ట్వంటీ మినిట్స్, పాన్ ఇద్దరి నోటా అలాగే వచ్చాయి. జారవిడవండి అన్నచోట చెల్లెలు "మెల్లగా వదలాలి" అంది, తెర మీద ఆ పని కనిపిస్తుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచాను. గ్రేవీ థిక్ అయి అన్న ముక్క దగ్గర మాత్రం కోవూరులో పిన్ని, బెంగళూరులో ఆమె కూతురు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, ఇద్దరూ "పులుసు దగ్గరపడి" అన్నారు. ఆ వాక్యం ఒక్కటీ మార్చి, మళ్లీ చదివి, వీడియో అప్‌లోడ్ చేశాను.